కన్నవారింటికి వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకోవాల్సిన కార్డు

నేను ప్రసూతి వార్డులో పనిచేసే వైద్యురాలిని. గర్భిణులకు ఏడో నెల తర్వాత వచ్చే బీపీ గురించి, దాంతోపాటు కనిపించే పొంగుల గురించి, అది ముదిరితే వచ్చే ఫిట్స్ గురించి ఈ రోజు మాట్లాడతాను. ఫిట్స్ వచ్చే దశకు మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అని పేరు పెట్టారు. దానికి ముందున్న దశను డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. ఫిట్స్ దాకా వెళ్ళనివ్వకుండా ఆపగలిగేది ఈ ముందు దశలోనే.

విశాఖ కంచరపాలెం నుంచి వచ్చే గర్భిణులను చూస్తుంటే నాకు ఒక విషయం పదే పదే తగులుతుంది. రైలు పట్టాలకు ఇటూ అటూ, మెట్టు మీద, ఇండస్ట్రియల్ ఎస్టేటు వెనక వీధుల్లో కాపురముండే కుటుంబాల్లో చాలామందిది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఏదో ఒక పల్లె. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన అమ్మాయికి మొదటి కాన్పు కన్నవారింట్లోనే జరగాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో శ్రీమంతం చేసి, చేతినిండా గాజులు తొడిగి, పసుపు కుంకుమలతో సాగనంపుతారు. ఆ ఆనవాయితీలో తప్పేమీ లేదు. అమ్మ దగ్గర ఉంటే పిల్లకు విశ్రాంతి దొరుకుతుంది, వేళకు తిండి దొరుకుతుంది. చిక్కంతా ఎక్కడంటే, ఈ జబ్బు బయటపడేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. ఆరు నెలలుగా ఆ అమ్మాయి బీపీ చూసిన నర్సమ్మ ఇక్కడ ఉండిపోతుంది. అక్కడ కొత్తగా చూసే నర్సమ్మకు ఆమె ముందు ఎలా ఉండేదో తెలియదు.

విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఒక అమ్మాయి కార్డు చదువుదాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి కార్డులు చాలా చూశాక, వాటన్నిటినీ కలిపి నేను అల్లిన కథ. అమ్మాయికి 22 ఏళ్ళు, తొలి చూలు. భర్త ఇండస్ట్రియల్ ఎస్టేటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మూడో నెలలో ఆశా కార్యకర్త ఆమెను అర్బన్ హెల్త్ సెంటర్‌కు తీసుకెళ్ళి పేరు రాయించింది, మాతా శిశు రక్షణ కార్డు ఇప్పించింది. 12వ వారంలో బీపీ 106/68. 20వ వారంలో 100/62. అయిదో నెలలో బీపీ కాస్త తగ్గడం సహజమే, చాలామందికి తగ్గుతుంది. 28వ వారంలో 108/70. మూత్రంలో ఆల్బుమిన్ లేదు. అంతా బాగుంది.

శ్రీమంతం అయింది. ఆమదాలవలసలో రైలు దిగి ఆటోలో ఊరికి చేరింది. కార్డు మాత్రం కంచరపాలెం ఇంట్లో బీరువాలో చీరల కింద ఉండిపోయింది. 33వ వారంలో ఊళ్ళో ఏఎన్ఎం బీపీ చూస్తే 134/86 వచ్చింది. జబ్బు అనడానికి గీత 140/90. ఈ అంకె గీతకు దిగువనే ఉంది కాబట్టి కొత్త పుస్తకంలో రాసుకుని, నెల తర్వాత మళ్ళీ చూద్దామంది. ఆ ఒక్క అంకె చూసి ఎవరైనా అదే అంటారు.

పాత కార్డు పక్కన ఉండి ఉంటే ఏం కనిపించేది? 108 నుంచి 134కి, 70 నుంచి 86కి, అయిదు వారాల్లో. పై అంకె 26, కింది అంకె 16 పెరిగాయి. ఒకప్పుడు పై అంకె 30 గానీ కింది అంకె 15 గానీ పెరిగితే దాన్నే జబ్బుగా లెక్కవేసేవారు. ఇప్పుడు జబ్బును నిర్ధారించడానికి ఆ లెక్క వాడడం లేదు, 140/90 గీతనే చూస్తున్నాం. అయినా ఇంత తొందరగా పెరుగుతున్న మనిషిని నెల రోజులు వదిలేయకూడదు. ఆ కార్డు చూసిన నర్సమ్మ మూడు నాలుగు రోజుల్లో మళ్ళీ రమ్మనేది, మూత్రం పరీక్ష చేసేది.

ఇంతకీ లోపల ఏం జరుగుతోంది? దీని మూలం మాయలో ఉంది. బిడ్డకు తిండీ ఊపిరీ అందించే మాయ గర్భసంచి గోడకు అతుక్కుని పెరుగుతుంది. మొదటి అయిదు నెలల్లో మాయలోని కణాలు గర్భసంచి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి, సన్నగా మెలికలు తిరిగి ఉండే ఆ నాళాలను వెడల్పు చేస్తాయి. అప్పుడు రక్తం ధారాళంగా వస్తుంది. కొందరిలో ఈ పని సగంలో ఆగిపోతుంది. నాళాలు ఇరుకుగానే మిగిలిపోతాయి. బిడ్డ చిన్నగా ఉన్నన్నాళ్ళూ ఆ కాస్త రక్తంతోనే గడిచిపోతుంది. ఏడో నెల దాటి బిడ్డ ఒళ్ళు చేసేసరికి అది చాలదు. రక్తం చాలని మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి ఆమె ఒంట్లోని రక్తనాళాలన్నిటి లోపలి పొరనూ దెబ్బతీస్తాయి.

ఇక్కడి నుంచి లక్షణాలన్నీ వరసగా అర్థమవుతాయి. నాళాలు బిగుసుకుంటే బీపీ పెరుగుతుంది. నాళాల గోడలు కారితే నీరు ఒంట్లోకి చేరి పొంగులు వస్తాయి. మూత్రపిండాల్లోని జల్లెడ దెబ్బతింటే ఆల్బుమిన్ మూత్రంలో పోతుంది. కాలేయం వాస్తే కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తుంది. మెదడులో నాళాలు దెబ్బతింటే తలనొప్పి వస్తుంది, కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తాయి, చివరికి ఫిట్స్ వస్తాయి. పది రకాల ఇబ్బందుల్లా కనిపించేవన్నీ ఒకే జబ్బు. మాయ బయట పడితే తప్ప అది పూర్తిగా తగ్గదు.

పొంగుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఇళ్ళలో రెండు రకాల పొరపాట్లూ జరుగుతుంటాయి. నెలలు నిండుతున్నప్పుడు సాయంత్రానికి పాదాలు పొంగడం చాలామంది గర్భిణులకు ఉంటుంది. పెరిగిన గర్భసంచి కాళ్ళ నుంచి పైకి వచ్చే రక్తాన్ని అడ్డుకోవడం వల్ల అలా అవుతుంది. రాత్రి పడుకుని లేచేసరికి చాలావరకు తగ్గిపోతుంది. అలాంటి పొంగు చూసి హడలిపోనక్కర్లేదు. పొంగు ఒక్కటే చూసి ఈ జబ్బు ఉందని డాక్టర్లు కూడా ఇప్పుడు తేల్చరు. అనుమానించాల్సిన పొంగు వేరుగా ఉంటుంది. పొద్దున్న లేవగానే ముఖం ఉబ్బి ఉంటుంది, కనురెప్పలు బరువుగా ఉంటాయి. నిన్నటిదాకా వదులుగా తిరిగిన ఉంగరం వేలికి పట్టేస్తుంది. శ్రీమంతానికి తొడిగిన గాజులు మణికట్టు దగ్గర బిగుస్తాయి. వారంలో ఒక కిలోకు మించి బరువు పెరుగుతుంది. ఇలా ఉంటే ఆ రోజే బీపీ చూపించాలి.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. పొంగు లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం. ఒంట్లో ఎక్కడా పొంగు లేకుండానే ఫిట్స్ దాకా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. అందుకే పొంగు ఉన్నా లేకపోయినా బీపీ చూపించుకోవాల్సిందే.

పొంగు కనబడగానే ఇంట్లో పెద్దవాళ్ళు ఉప్పు మాన్పించి చప్పిడి కూడు పెడతారు, నీళ్ళు తగ్గించమంటారు, బార్లీ నీళ్ళు తాగిస్తారు. ఉప్పు మానేసినంత మాత్రాన ఈ జబ్బు రాకుండా పోదు, వచ్చినది తగ్గదు. చప్పిడి తిండి సయించక పిల్ల తినడమే మానేస్తే బిడ్డకు నష్టం. నీళ్ళు తగ్గించడం అసలు పనికిరాదు, ఎందుకంటే ఆ నీరు నాళాల్లో నుంచి బయటికి కారిపోయింది, లోపల రక్తం చిక్కబడి ఉంటుంది. బార్లీ నీళ్ళు తాగితే హాని లేదు. కాకపోతే వాటి మీద నమ్మకంతో వారం రోజులు పోగొట్టుకోకండి. నీరు పోవడానికని మందుల షాపులో అడిగి మాత్ర తెచ్చి వేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

బీపీ చూసేటప్పుడు కూడా గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎండలో నడిచి వచ్చి, మెట్లెక్కి, ఆయాసపడుతూ కూర్చున్న వెంటనే చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోవాలి. జాకెట్టు చేతి మీద పట్టీ చుట్టకూడదు. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. కొంచెం లావుగా ఉన్నవాళ్ళకు చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. ఒక్కసారి 140/90 వచ్చినంత మాత్రాన జబ్బని ముద్ర వేయం. నాలుగు గంటలు ఆగి మళ్ళీ చూస్తాం. అదే 160/110 వస్తే మాత్రం అంతసేపు ఆగం. పావుగంటలో మళ్ళీ చూసి మందు మొదలుపెడతాం.

మూత్రం పరీక్ష చాలా తేలిక. చిన్న పుల్లను మూత్రంలో ముంచి తీసి, ఒక నిమిషం ఆగి, సీసా మీద ఉన్న రంగులతో పోల్చి చూస్తారు. ఆల్బుమిన్ లేకపోతే పసుపు రంగే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎంత ఎక్కువ పోతుంటే అంత ముదురు పచ్చ. పుల్లలు లేని చోట పాత పద్ధతి ఉంది. గాజు గొట్టంలో మూత్రం పోసి పైభాగం కాస్తే, ఆల్బుమిన్ ఉన్నప్పుడు ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనలా తెల్లగా పేరుకుంటుంది. రెండు చుక్కల ఆసిటిక్ యాసిడ్ వేసినా ఆ తెలుపు పోకపోతే ఆల్బుమిన్ ఉన్నట్టే. మూత్రం పట్టేటప్పుడు మొదట వచ్చేది వదిలేసి మధ్యలో వచ్చేది పట్టాలి. తెల్లబట్ట కలిస్తే లేని ఆల్బుమిన్ ఉన్నట్టు కనిపిస్తుంది.

మళ్ళీ మన అమ్మాయి దగ్గరికి వద్దాం. 35వ వారం. రెండు రోజులుగా తలనొప్పి. నుదుటికి అమృతాంజనం రాశారు, పారాసెటమాల్ వేశారు, తగ్గలేదు. రెండో రోజు సాయంత్రం కడుపు పైభాగంలో, రొమ్ముల కింద నొప్పి వచ్చి వాంతి అయింది. గ్యాస్ అయ్యుంటుందని వాళ్ళమ్మ వాముకషాయం కాచి ఇచ్చింది. ఏ తల్లయినా అదే చేస్తుంది. నెలలు నిండిన మనిషికి గుండెల్లో మంట, అరగకపోవడం మామూలే కదా. రాత్రి పిల్ల, కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నట్టు ఉందమ్మా అంది. అప్పుడు పక్కింటావిడ ఆశా కార్యకర్తకు ఫోన్ చేసింది. ఏఎన్ఎం వచ్చి చూస్తే బీపీ 164/112. పుల్ల ముదురు పచ్చగా మారింది.

తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం లేదా మెరుపులు, రొమ్ముల కింద నొప్పి. ఏడో నెల తర్వాత ఈ మూడింట్లో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. మూత్రం బాగా తగ్గిపోయినా, పడుకుంటే ఊపిరి అందకపోయినా, బిడ్డ కదలికలు తగ్గినా అంతే.

ఆ రాత్రి ఏఎన్ఎం చేసిన పని చెబుతాను, ఎందుకంటే చాలామంది కుటుంబసభ్యులు దీనికి అడ్డు చెబుతారు. ఆమె మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ తీసింది. ఒక్కో ఆంపూల్‌లో ఒక గ్రాము మందు ఉంటుంది. అయిదు ఆంపూళ్ళు ఒక పిరుదులో, అయిదు రెండో పిరుదులో, మొత్తం 10 గ్రాములు. పెద్ద సూది, బాగా నొప్పి, ఒళ్ళంతా వేడెక్కినట్టు అవుతుంది. ఇంత మందు ఇక్కడే ఎందుకు, ఆసుపత్రిలో చేయించుకుంటాం అంటారు ఇంట్లోవాళ్ళు. పెద్దాసుపత్రికి పంపే ముందు ఈ మొదటి మోతాదు ఏఎన్ఎం ఇవ్వవచ్చని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి, దారిలో ఫిట్స్ రాకుండా ఉండటానికి. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన మాగ్‌పై అధ్యయనం 2002లో వెలువడింది. ఈ మందు ఇచ్చినవాళ్ళలో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయని అందులో తేలింది.

108 వచ్చింది, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చేర్చారు. బీపీ తగ్గడానికి లాబెటలాల్ ఇచ్చారు. రక్తం తీసి ప్లేట్‌లెట్లు, కాలేయం, క్రియాటినిన్ చూశారు. ప్లేట్‌లెట్లు 92 వేలు ఉన్నాయి. లక్షకు దిగువన ఉంటే జబ్బు తీవ్రంగా ఉన్నట్టే. మెగ్నీషియం నాలుగు గంటలకోసారి కొనసాగించారు. ప్రతి ఇంజెక్షన్‌కు ముందు నర్సు చిన్న సుత్తితో మోకాలి కింద తడుతుంది. కాలు ఎగరాలి. ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెడుతుంది. సంచిలో మూత్రం ఎంత వచ్చిందో చూస్తుంది. కాలు ఎగరకపోయినా, ఊపిరి మందగించినా, మూత్రం తగ్గినా ఆ మోతాదు ఆపేస్తారు, ఎందుకంటే మందు ఒంట్లో ఎక్కువ పేరుకుంటోందని అర్థం. దానికి విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే సిద్ధంగా పెట్టుకుంటారు.

34 వారాలు దాటి జబ్బు తీవ్రంగా ఉంటే కాన్పు చేసేయడమే సరైన దారి. నొప్పులు రప్పించారు, ఆడపిల్ల పుట్టింది, బరువు కిలో తొమ్మిది వందలు. తల్లీబిడ్డా క్షేమం. ఇదే జబ్బు తీవ్రంగా లేకపోతే 37 వారాలు నిండేదాకా జాగ్రత్తగా చూస్తూ ఆగవచ్చు. 33వ వారంలోనే తెలిసి ఉంటే ఆ బిడ్డకు కడుపులో ఇంకొన్ని రోజులు దొరికేవేమోనని నాకనిపిస్తుంది. తప్పకుండా దొరికేవని చెప్పలేం. కనీసం అర్ధరాత్రి ప్రయాణం మాత్రం తప్పేది.

ఇంట్లోనే ఫిట్స్ వస్తే ఏం చేయాలి? మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నురగ, వాంతి బయటికి పోయేలా. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, ముఖం మీద నీళ్ళు కొట్టి నోట్లో పోయడం వద్దు. పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేసి, నిండు గర్భిణికి ఫిట్స్ అని మొదటి మాటలోనే చెప్పండి. అదే మీరు కంచరపాలెంలో ఉంటే చిన్న క్లినిక్‌ల చుట్టూ తిరగకండి. కేజీహెచ్ గానీ, పాత ఊళ్ళో అందరూ ఘోషా ఆసుపత్రి అనే విక్టోరియా ఆసుపత్రి గానీ ఎంతో దూరం కాదు.

కాన్పు అయిపోయింది, మాయ పడిపోయింది, గండం గడిచిందనుకుంటారు. చాలావరకు నిజమే, కానీ వెంటనే కాదు. కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు వరకు బీపీ మళ్ళీ పెరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే డిశ్చార్జి చేయించుకుని ఇంటికి వస్తారు. బాలింతకు తలనొప్పి అంటే గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెడతారు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ ఏమాత్రం లేనివాళ్ళకు కూడా కాన్పయ్యాక ఈ జబ్బు మొదలవ్వవచ్చు. దూది పెట్టండి, గుడ్డ కట్టండి, కాదనను. దాంతోపాటు బీపీ కూడా చూపించండి. ఆరు వారాల వరకూ ఈ జాగ్రత్త ఉండాలి. ఆసుపత్రిలో రాసిన బీపీ మాత్రలు పాలిచ్చే తల్లి వేసుకోదగినవే రాస్తారు, బిడ్డకు పాలు పాడవుతాయని మధ్యలో మానకండి.

ఇప్పుడు ఏడో నెలలో ఉన్నవాళ్ళకు కొన్ని పనులు. కార్డు సంచిలో చీరలకంటే ముందు పెట్టుకోండి. ఫోన్‌లో రెండు వైపులా ఫొటో తీసి భర్త దగ్గరా అమ్మ దగ్గరా ఒక్కో కాపీ ఉంచండి. ఊరు చేరిన వారంలోపే అక్కడి ఏఎన్ఎంకు ఆ కార్డు చూపించి బీపీ, మూత్రం చూపించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూసే రోజు ఉంది, 2016 నుంచి జరుగుతోంది. ఎనిమిదో నెల వస్తే ఆ ఒక్క రోజు చాలదు, రెండు వారాలకోసారి, చివరి నెలలో వారం వారం చూపించుకోవాలి. ఇచ్చిన కాల్షియం మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు మానకుండా వేసుకోండి. మన తిండిలో కాల్షియం తక్కువ, ఆ మాత్రలు ఈ జబ్బును కొంత అడ్డుకుంటాయి. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం మింగకండి, ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

ఒకసారి ఈ జబ్బు వచ్చి మళ్ళీ గర్భం దాల్చినవాళ్ళు, గర్భానికి ముందునుంచే బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, కడుపులో కవలలు ఉన్నవాళ్ళు మూడో నెల నిండగానే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. 75 నుంచి 150 మిల్లీగ్రాముల చిన్న మోతాదు ఆస్పిరిన్ రాత్రిపూట వేసుకోమంటారు. మాయ నాళాలను వెడల్పు చేసే పని సాగుతున్న రోజుల్లోనే అది మొదలవ్వాలి. 16 వారాలు దాటాక మొదలుపెడితే దాని ఉపయోగం బాగా తగ్గిపోతుంది. అందుకే ఆ పాత కార్డును కాన్పు అయ్యాక పారేయకుండా దాచి, మళ్ళీ నెల తప్పగానే డాక్టరు బల్ల మీద పెట్టండి.